ఒకే తప్పు, రెండు ముఖాలు

బడి ఆవరణలో ఒక మూల కుక్క నిద్రపోతోంది. ఏడేళ్ల పిల్లవాడొకడు కాస్త దూరంలో నిలబడి, నేల మీది పదునైన రాళ్లు ఏరి దాని మీదికి విసిరాడు. రెండు రాళ్లు తగిలి కుక్క కాలు చీరుకుపోయింది. అది అరుస్తూ కుంటుకుంటూ చాటుకు పోతుంటే కూడా వాడు రాళ్లు వేయడం ఆపలేదు.

ఇది టీచరు రాసిన ఫిర్యాదు. కరెన్ డయాన్ అనే మానసిక శాస్త్రవేత్త ఇలాంటి ఫిర్యాదులను కళాశాలలో చదువుతున్న యువతులకు ఇచ్చి, చదివి అభిప్రాయం చెప్పమన్నారు. ప్రతి కాగితానికీ ఒక పిల్లవాడి ఫోటోనో, పాప ఫోటోనో అంటించి ఉంది. ఫిర్యాదులో ఒక్క అక్షరం మారలేదు, ఫోటో మాత్రం మారింది. కొందరికి చూడముచ్చటైన ముఖం వచ్చింది, కొందరికి అంత అందంగా లేని ముఖం వచ్చింది. ఏ ముఖం అందమైనదో, ఏది కాదో ముందే వేరేవాళ్లను అడిగి తేల్చి పెట్టుకున్నారు. ఈ పరిశోధన 1972లో అమెరికాలో అచ్చయింది.

జవాబుల్లో తేడా స్పష్టంగా కనిపించింది. ముచ్చటైన ముఖం చూసినవాళ్లు ఆ పిల్లలు మామూలుగా బుద్ధిమంతులే అయి ఉంటారని, ఆ రోజు ఏదో చిరాకులో అలా చేసి ఉంటారని, పెద్దగా పట్టించుకోనక్కర్లేదని రాశారు. అంతగా బాగోలేని ముఖం చూసినవాళ్లకు అదే పనిలో దుడుకు స్వభావం కనిపించింది. వీళ్లు మళ్లీ ఇలాంటి పని చేస్తారని, ఇంట్లోనూ బడిలోనూ తలనొప్పిగా తయారవుతారని వాళ్లు అనుకున్నారు. తప్పు చిన్నదైనప్పుడు ఈ తేడా పెద్దగా లేదు. తప్పు పెద్దదైనప్పుడే ముఖం గట్టిగా పనిచేసింది.

ఇందులో నన్ను ఎక్కువగా ఆలోచింపజేసిన సంగతి ఒకటుంది. ఎంత శిక్ష వేయాలని అడిగినప్పుడు రెండు వర్గాల మధ్య చెప్పుకోదగ్గ తేడా రాలేదు. అంటే ఆ యువతులు అన్యాయంగా శిక్షించాలనుకున్నవాళ్లు కారు. తేడా అంతకంటే లోపల, పిల్లల స్వభావం గురించి వాళ్లు అల్లుకున్న ఊహలో ఉంది. ఒకరి తప్పు ఆ ఒక్క రోజుకే పరిమితమైంది. మరొకరి తప్పు వాళ్ల గుణమైపోయింది. శిక్ష అయితే కళ్లకు కనబడుతుంది, ఎక్కువైతే ఎవరో ఒకరు అడుగుతారు. పెద్దల మనసులో స్థిరపడిపోయిన ఊహను ఎవరడుగుతారు?

ముఖం మన చేత ఇంత పని ఎలా చేయించగలదో తెలియాలంటే మొదట పసిబిడ్డ ముఖం దగ్గరికి వెళ్లాలి.

ఆస్ట్రియాకు చెందిన జంతు ప్రవర్తన శాస్త్రవేత్త కాన్రాడ్ లోరెంజ్ 1943లో ఒక వ్యాసం రాశారు. ఆయనకు తర్వాత 1973లో నోబెల్ బహుమతి వచ్చింది. మనుషులకే కాదు, కుక్కపిల్లకీ, కోడిపిల్లకీ కూడా మనల్ని ఆకట్టుకునే ఒకే రకం పోలికలున్నాయని అందులో వివరించారు. ఒంటితో పోలిస్తే పెద్దదిగా ఉండే తల, ఎత్తుగా ముందుకు వచ్చిన నుదురు, ముఖంలో సగానికి కిందగా ఉండే పెద్ద కళ్లు, ఉబ్బిన బుగ్గలు, చిన్న ముక్కు, చిన్న నోరు, పొట్టిగా బొద్దుగా ఉండే కాళ్లూ చేతులూ అన్నవి ఆ పోలికలు. ఇవి కనిపించగానే పెద్దల్లో ఆ బిడ్డను దగ్గరకు తీసుకోవాలన్న కోరిక తనంతట తానే పుడుతుందని ఆయన వాదించారు. నడవలేని, నమలలేని, తన బాధ చెప్పుకోలేని బిడ్డ బతకాలంటే పెద్దలు విసుగు లేకుండా ఏళ్ల తరబడి చూసుకోవాలి. ఆ ఓపికను పెద్దల్లో పుట్టించే పని ఆ ముఖానిదే.

అరవై ఏళ్లకు పైగా ఇది చాలామంది ఒప్పుకున్న ఊహగానే ఉండిపోయింది. దీన్ని గట్టిగా పరీక్షించాలంటే ఒక చిక్కుంది. ఇద్దరు వేర్వేరు బిడ్డల ఫోటోలు చూపిస్తే, నవ్వు వల్ల నచ్చిందో, జుట్టు వల్ల నచ్చిందో, బుగ్గల వల్ల నచ్చిందో చెప్పలేం. 2009లో మెలనీ గ్లాకర్, ఆమె సహచరులు ఈ చిక్కును విడదీశారు. నిజమైన బిడ్డల ఫోటోలు తీసుకుని, ముఖం వెడల్పు, నుదురు ఎత్తు, కళ్లు, ముక్కు, నోరు ఎంతెంత ఉన్నాయో కొలిచారు. తర్వాత కంప్యూటర్లో ఒకే బిడ్డకు రెండు రూపాలు తయారు చేశారు. ఒకదానిలో ముఖం ఇంకా గుండ్రంగా, నుదురు ఎత్తుగా, కళ్లు పెద్దవిగా, ముక్కూ నోరూ చిన్నవిగా చేశారు. రెండోదానిలో దీనికి సరిగ్గా వ్యతిరేకంగా మార్చారు. మార్పులు ఎంత స్వల్పమంటే రెండూ మామూలు బిడ్డల ముఖాల్లానే కనిపిస్తాయి.

చూసినవాళ్లకు మొదటి రూపమే ఎక్కువ ముద్దొచ్చింది. అక్కడితో ఆగలేదు. ఈ బిడ్డను చూసుకోవాలని ఎంతగా అనిపిస్తోందని అడిగితే, దానికీ మొదటి రూపానికే ఎక్కువ మార్కులు పడ్డాయి. బిడ్డలు లేని స్త్రీలకు ఇవే ఫోటోలు చూపిస్తూ మెదడును స్కాన్ చేసినప్పుడు, ఏదైనా ఇష్టమైనది దొరకబోతుందంటే ఉత్సాహపడే మెదడు భాగం మొదటి రూపానికి ఎక్కువగా స్పందించింది. తల్లికి తన బిడ్డ మీద ఉండే ప్రేమతో దీనికి సంబంధం లేదు. ఆ స్త్రీలకు ఆ బిడ్డలెవరో తెలియనే తెలియదు.

ఈ స్పందన ఎంత త్వరగా జరుగుతుందో 2008లో ఆక్స్‌ఫర్డ్‌లో మోర్టెన్ క్రింగెల్‌బాక్ బృందం కొలిచింది. తెలియని పసిబిడ్డ ముఖం చూడగానే సెకనులో సుమారు ఏడో వంతు కాలంలోనే, కళ్ల గుంటలకు కాస్త పైన ఉండే మెదడు భాగం కదిలింది. పెద్దవాళ్ల ముఖాలకు అలా కదలలేదు. ఆలోచించి, తీర్పు చెప్పి, మనసు మార్చుకునేంత వ్యవధి అందులో లేదు. ‘నేను పిల్లలందరినీ ఒకేలా చూస్తాను’ అని మనస్ఫూర్తిగా చెప్పేవాళ్లు అబద్ధమాడడం లేదు. వాళ్లు చెబుతున్నది ఆ ఏడో వంతు సెకను గడిచాక తమకు తెలిసిన సంగతి.

పసిముఖం అన్ని వయసుల్లోనూ ఒకే స్థాయిలో ముద్దొచ్చేది కాదు. అప్పుడే పుట్టిన బిడ్డ తల కాన్పులో ఒత్తిడికి సాగి ఉంటుంది, కళ్లు ఉబ్బి ఉంటాయి, బుగ్గలు నిండి ఉండవు. కెనడాలో 2018లో అచ్చయిన ఒక పరిశోధనలో ఒకే బిడ్డల ఫోటోలను పుట్టిన కొత్తలో, మూడో నెలలో, ఆరో నెలలో తీసి చూపిస్తే, పెద్దలకు ఆరో నెల ముఖాలే ఎక్కువ నచ్చాయి. మన ఇళ్లలో బిడ్డకు నీళ్లు పోసే పెద్దమ్మ కాళ్ల మీద పడుకోబెట్టుకుని, నూనె చేత్తో తలను గుండ్రంగా రావాలని ఒత్తడం, ముక్కు కొనదేరాలని లాగడం తెలిసినదే. తల సంగతిలో ఆమె కోరుకున్నది లోరెంజ్ చెప్పిన పసిరూపమే. ముక్కు సంగతిలో మాత్రం పెద్దయ్యాక ఉండాల్సిన అందాన్ని ముందే తెచ్చిపెట్టాలని చూస్తోంది. తల ఒత్తడం, ముక్కు లాగడం వద్దని పిల్లల డాక్టర్లు చెబుతూనే ఉంటారు. మెత్తటి పుర్రెను అలా అదమకూడదు. కాన్పులో సాగిన తల మామూలుగా కొద్ది రోజుల్లో తనంతట తానే సర్దుకుంటుంది.

ఇక పై వయసు సంగతి. చైనాలో జరిగి 2011లో అచ్చయిన పరిశోధనలో, పసితనం నుంచి ముఖం మీద పెద్దల ఇష్టం క్రమంగా తగ్గుతూ వచ్చి, సుమారు నాలుగున్నరేళ్లకు పెద్దవాళ్ల ముఖాలతో సమానమైపోయింది. అంటే ప్రకృతి ఇచ్చిన ఆ రక్షణ పిల్లలు బడిలో చేరే వయసుకు చాలావరకు తీరిపోతుంది. అయితే అందరికీ ఒకేలా తీరదు. కొందరికి గుండ్రటి ముఖం, పెద్ద కళ్లు పదేళ్లకూ నిలుస్తాయి. కొందరికి మూడేళ్లకే దవడ సాగి, ముఖం కోలగా మారుతుంది. బిడ్డ బతకడానికి ఏర్పడ్డ గుర్తు, దాని అవసరం తీరాక కూడా కొందరికి లాభంగా, కొందరికి నష్టంగా మిగిలిపోతుంది.

కాకిపిల్ల కాకికి ముద్దు అంటాం కదా, కన్నతల్లి దగ్గరైనా ఈ తేడా ఉండదనుకోవాలనిపిస్తుంది. టెక్సాస్ విశ్వవిద్యాలయంలో జుడిత్ లాంగ్లోయ్ ఆ నమ్మకాన్ని నేరుగా పరీక్షించారు. తల్లులు కాన్పయి ఇంకా ఆస్పత్రిలో ఉండగానే బిడ్డకు పాలు పడుతూ, ఆడిస్తూ ఉంటే పరిశీలకులు పక్కనుండి గమనించి రాసుకున్నారు. మూడు నెలలయ్యాక మళ్లీ గమనించారు. బిడ్డలు ఎంత ముద్దుగా ఉన్నారన్నది ఫోటోలు చూసి వేరేవాళ్లు నిర్ణయించారు. 1995లో వచ్చిన ఫలితం ప్రకారం, ముద్దుగా ఉన్న బిడ్డల తల్లులు వాళ్లను ఎక్కువసేపు కళ్లలో కళ్లు పెట్టి చూశారు, ముద్దులాడారు, కబుర్లు చెప్పారు. అంతగా ముద్దుగా లేని బిడ్డల తల్లుల చూపు ఎక్కువగా గదిలోని ఇతరుల మీదికి పోయింది. బిడ్డతో గడిపే సమయంలో ఆటలకంటే బట్టలు సర్దడం, మూతి తుడవడం వంటి పనులే ఎక్కువున్నాయి.

ఈ ఫలితాన్ని జాగ్రత్తగా చదవాలి. ఆ తల్లుల్లో ఎవరూ బిడ్డను నిర్లక్ష్యం చేయలేదు. అందరూ పాలిచ్చారు, శుభ్రం చేశారు, ఎత్తుకున్నారు.  తేడా సగటులో కనబడిన తేడా. అది ఫలానా తల్లి గురించి ఏమీ చెప్పదు. కాబట్టి ఆ సామెత పూర్తిగా తప్పు కాదు. కాకికి పిల్ల ముద్దే. కానీ ఎంతసేపు దాని ముఖంలోకి చూసిందన్న లెక్కలో బయటివాళ్ల కంటికి కనిపించే అందం కూడా తల్లికి తెలియకుండానే చేరింది.

ఈ లెక్క అందరికంటే బాధాకరంగా తగిలేది నెలలు నిండకుండా పుట్టిన బిడ్డలకు. బుగ్గల్లో నిండాల్సిన కొవ్వు చివరి వారాల్లో చేరాలి, వాళ్లకు అది చేరదు. ఇంక్యుబేటర్లో ఎక్కువ కాలం తల పక్కకు తిప్పి పడుకోవడంతో మెత్తటి పుర్రె అటూ ఇటూ నొక్కుకుపోయి తల సన్నగా, పొడుగ్గా తయారవుతుంది. సరిగ్గా లోరెంజ్ జాబితాలోని పోలికలే వాళ్లకు లోపిస్తాయి. ఎక్కువ సంరక్షణ కావలసిన బిడ్డకే ఆ సంరక్షణను పిలిచే ముఖం లేకుండా పోతుంది. గ్రహణం మొర్రితో పుట్టిన బిడ్డల ముఖాలు చూసినప్పుడు కూడా, క్రింగెల్‌బాక్ బృందం కనుక్కున్న ఆ మెదడు స్పందన తగ్గిందని 2013లో అదే ఆక్స్‌ఫర్డ్ పరిశోధకులు చూపించారు. పై పెదవి మీది చిన్న చీలిక చాలు.

అందుకే నెలలు నిండని బిడ్డను తల్లి ఛాతీకి చర్మం తగిలేలా కట్టి ఉంచే కంగారూ పద్ధతి నాకు చాలా విలువైనదిగా తోస్తుంది. 1970ల చివర్లో కొలంబియా రాజధాని బొగోటాలో ఇంక్యుబేటర్లు చాలక డాక్టర్లు మొదలుపెట్టిన పద్ధతి ఇది. ఇప్పుడు మన ఆస్పత్రుల్లోనూ నవజాత శిశువుల వార్డుల్లో చేయిస్తున్నారు. బిడ్డకు వెచ్చదనం, తల్లి పాలు అందుతాయన్నది దాని ముఖ్య ప్రయోజనం. దాంతోపాటు తల్లికీ బిడ్డకూ మధ్య బంధం ముఖం మీద ఆధారపడకుండా స్పర్శ, వాసన, ఊపిరి ద్వారా ఏర్పడుతుంది. బిడ్డను రోజుల తరబడి గాజు పెట్టెలోంచి చూడాల్సిన తల్లికి మిగిలేది ముఖం ఒక్కటే.

బడి వయసుకు వచ్చేసరికి సంగతి ఇంకొంచెం కలగాపులగమవుతుంది. ఇక్కడ పసిపోలిక, అందం అన్నవి రెండు వేర్వేరు సంగతులు. గుండ్రటి బుగ్గలున్నా అందంగా అనిపించని పిల్లలుంటారు, కోల ముఖంతో చక్కగా ఉండే పిల్లలూ ఉంటారు. డయాన్ పరీక్షలో వాడింది రెండో లెక్క, అంటే చూపుకు బాగున్నారా లేదా అన్నది. అందం అందుకున్న పిల్లల పక్షాన పెద్దల మనసు మొగ్గడం చదువు విషయంలోనూ జరుగుతుంది. 1973లో మార్గరెట్ క్లిఫర్డ్, ఎలైన్ వాల్‌స్టర్ మిస్సోరీ రాష్ట్రంలో ఐదో తరగతి చెప్పే సుమారు 400 మంది టీచర్లకు ఒకే మార్కుల కార్డు పంపారు. హాజరు, మార్కులు, ప్రవర్తన అన్నీ ఒకటే, అంటించిన ఫోటో మాత్రం వేరు. అందమైన ముఖమున్న కార్డు అందుకున్న టీచర్లు ఆ పిల్లలు ఎక్కువ తెలివైనవాళ్లని, వాళ్ల తల్లిదండ్రులు చదువు మీద ఎక్కువ శ్రద్ధ పెట్టేవాళ్లని, వాళ్లు ఇంకా పై చదువులకు వెళతారని అంచనా వేశారు. తల్లిదండ్రుల శ్రద్ధ సంగతి ఫోటోలో ఎక్కడ కనిపించింది? మార్కుల కార్డులో కూడా లేదు.

మన దగ్గర ఇందులో రంగు కూడా వచ్చి చేరుతుంది. ‘తెల్లగా ముద్దుగా ఉన్నాడు’ అన్న మాట పిల్లల ముందే అంటాం. లోరెంజ్ చెప్పిన పోలికల్లో రంగు లేదు. తల, నుదురు, కళ్లు, బుగ్గలు, ఇవన్నీ ఆకారానికి సంబంధించినవే. నల్లటి బిడ్డకూ తెల్లటి బిడ్డకూ ఆ పోలికలు సమానంగా ఉంటాయి. కాబట్టి రంగును బట్టి ముద్దు చేయడానికి ప్రకృతిని సాక్ష్యం పిలవడం కుదరదు. అది మనం పెద్దలను చూసి నేర్చుకుని పిల్లలకు నేర్పుతున్నది.

పసిపోలిక త్వరగా పోయిన పిల్లలకు మరో నష్టముంది. పెద్దలు వాళ్ల వయసును ఎక్కువగా అంచనా వేస్తారు. లెస్లీ జెబ్రోవిట్జ్ 1991లో తల్లిదండ్రులకు పిల్లల ఫోటోలు చూపించి, వీళ్లకు ఏ పనులు చెప్పవచ్చని అడిగినప్పుడు, ముదురు ముఖమున్న పిల్లలకు ఎక్కువ బుర్ర పెట్టాల్సిన పనులు అప్పగించారు. ఇది విని సంతోషించవచ్చు, నమ్మకం ఉంచారు కదా అని. ఆ నమ్మకానికి రెండో వైపు కూడా ఉంది. ఆరేళ్ల పిల్లవాడు ఎనిమిదేళ్లవాడిలా కనిపిస్తే, ఆరేళ్ల పిల్లవాడు చేసే తప్పుకు ‘ఇంత పెరిగావు, బుద్ధి లేదా’ అని తిట్లు పడతాయి. ఇంట్లో ఇద్దరు పిల్లల్లో బొద్దుగా ఉన్న చిన్నదాన్ని ఎత్తుకుని, పొడుగ్గా పెరిగిన పెద్దదాన్ని సంచి మోయమనడం మనకు పట్టనంత సహజంగా జరిగిపోతుంది. వాళ్లిద్దరి మధ్య తేడా ఏడాదిన్నరే కావచ్చు.

1984లో విక్కీ మెక్కేబ్ ఇంకా కఠినమైన సంగతి చూశారు. ఇంట్లో దెబ్బలు తిని సంరక్షణ అధికారుల దృష్టికి వచ్చిన పిల్లల తల, ముఖం కొలతలు తీస్తే, అదే వయసున్న ఇతర పిల్లలకంటే వాళ్ల ముఖాలు సగటున పెద్ద వయసు పోలికలతో ఉన్నాయి. చూసింది కొద్దిమంది పిల్లలనే. ముఖం వల్లనే దెబ్బలు పడ్డాయని ఇది రుజువు చేయదు. పిల్లలను కొట్టడానికి ముఖం ఎన్నడూ కారణం కాదు, కొట్టేవాళ్ల కోపం, తాగుడు, పేదరికం, వాళ్లు తిన్న దెబ్బలు అన్నీ ఉంటాయి. కానీ చేయెత్తిన క్షణంలో ఆపే శక్తి పసిముఖానికి కొంత ఉందని, ఆ రక్షణ లేని పిల్లలు కొందరున్నారని అనుమానించడానికి మాత్రం ఈ కొలతలు చాలు.

పైన చెప్పిన పరిశోధనల్లో చాలావరకు అమెరికా, ఐరోపాల్లో జరిగినవే. ఫోటోతో చేసిన ప్రయోగంలో పిల్లలు మాట్లాడరు, నవ్వరు, అల్లరి చేయరు. నిజ జీవితంలో రోజూ చూసే పిల్లల విషయంలో ముఖం ప్రభావం పూర్తిగా కరిగిపోతుందని ఆశించేవాళ్లకు మాత్రం ఒక మాట. లాంగ్లోయ్ బృందం 2000లో అప్పటిదాకా వచ్చిన అనేక పరిశోధనలను కలిపి లెక్కగట్టినప్పుడు, బాగా తెలిసిన పిల్లల విషయంలో కూడా అందంగా ఉన్నవాళ్లనే పెద్దలు మంచిగా అంచనా వేశారు, మంచిగా చూశారు.

ఆ మొదటి ఏడో వంతు సెకను మన చేతిలో లేదు, దాని తర్వాతి నిమిషాలు ఉన్నాయి. డయాన్ ప్రయోగమే ఒక దారి చూపిస్తోంది. అక్కడ చెడగొట్టింది ఫోటో. ఫిర్యాదు వచ్చినప్పుడు ఎవరు చేశారన్నది వినకముందే ఏం జరిగిందో, ఏ వరుసలో జరిగిందో పూర్తిగా చెప్పించుకుని, దానికి ఏం చేయాలో మనసులో అనుకుని, ఆ తర్వాతే పేరు అడగండి. టీచర్లు జవాబు పత్రాలు దిద్దేటప్పుడు పేరున్న పుటను వెనక్కి మడవండి. తప్పు చేసిన పిల్లల గురించి ‘వాడంతే’ అనే మాట నోట్లోకి వచ్చినప్పుడు, ఇదే పని తరగతిలో అందరికంటే ముద్దుగా ఉండే పాప చేసి ఉంటే ఏమనేవాళ్లమో ఒక్కసారి అనుకుని చూడండి. పెళ్లిళ్లలో, పేరంటాల్లో పిల్లలు గుంపుగా వచ్చినప్పుడు అందరి చేతులూ ఒకే బిడ్డ బుగ్గల మీదికి పోతాయి. ఆ పక్కన నిలబడి చూస్తున్న పిల్లను పేరు పెట్టి పిలిచి, ఏం చదువుతున్నావమ్మా అని అడిగి, చెప్పేదాకా ఆగి వినండి.